చెప్పే వరుస వేరు, సిద్ధమయ్యే వరుస వేరు

ప్రశ్న:

"ముందే చెప్పి, రాసుకుని మాట్లాడమంటే నేను బాగానే మాట్లాడతాను. ఇబ్బందల్లా ఉన్నట్టుండి లేపి అడిగితేనే. మా టీమ్‌లో నెలకోసారి జరిగే మీటింగ్‌లో మేనేజర్ ఎవరో ఒకరి వైపు తిరిగి 'మీరేమంటారు? రెండు నిమిషాల్లో చెప్పండి' అంటారు. పోయినసారి నా వంతు వచ్చింది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసే పద్ధతి కొనసాగించాలా వద్దా అన్నది ప్రశ్న. నాకు అభిప్రాయాలు లేక కాదు. నోరు తెరిచాక ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ప్రయాణం, ఇంటర్నెట్, పిల్లలు, కొత్తగా చేరినవాళ్లు, అన్నీ చెప్పాను. ఎక్కడ ఆపాలో తెలియక ఐదు నిమిషాలు లాగి, 'అంతేనండి' అని కూర్చున్నాను. పక్కనున్నాయన 'ఇంతకీ ఉండాలంటున్నారా, వద్దంటున్నారా?' అని అడిగారు. తల కొట్టేసినట్టయింది. ఒక స్నేహితురాలు 'విషయం, కారణం, ఉదాహరణ, మళ్లీ విషయం' అనే వరుస నేర్పింది. ఇంట్లో మనసులో అనుకుంటే చక్కగా వస్తుంది. అక్కడ లేచి నిలబడితే ఆ నాలుగు మాటలే గుర్తుంటాయి, వాటిలో ఏం పెట్టాలో తోచదు. రెండు నెలల్లో టీమ్ లీడ్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది. ప్రశ్న ముందే చెప్పమని మేనేజర్‌ని అడగనా? అడిగినప్పుడు 'తర్వాత చెబుతాను' అని తప్పుకోనా? లేక ఇది నేర్చుకుంటే వచ్చే పనేనా?"

– పేరు వేయవద్దని కోరిన పాఠకురాలు

సమాధానం:

మీ పక్కనున్నాయన అడిగిన మాట మిమ్మల్ని బాధపెట్టింది. కానీ మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన వాక్యం అదే. మీ గొంతు వణికిందని గానీ, మాటలు తడబడ్డాయని గానీ ఆయన అనలేదు. మీరు ఏ పక్షమో తనకు అందలేదన్నారు. అంటే లోపం మాటల దగ్గర లేదు. మాట మొదలయ్యే ముందు జరగాల్సిన ఒక పని జరగలేదు.

మనిషి మాట్లాడేటప్పుడు ఏం జరుగుతుందో జీవితమంతా అధ్యయనం చేసిన విలెమ్ లెవెల్ట్ అనే మనోభాషాశాస్త్రవేత్త దాన్ని మూడు దశలుగా వివరించారు. ఏం చెప్పాలో నిర్ణయించుకోవడం ఒకటి. దానికి తగ్గ మాటలు ఏరి వాక్యంగా కూర్చుకోవడం రెండోది. నోటితో పలకడం మూడోది. మామూలు కబుర్లలో ఈ మూడూ ఒకదాని వెనక ఒకటి పరిగెడుతూ కలిసే సాగుతాయి, మనకు తెలియను కూడా తెలియదు. పదిమంది చూస్తుండగా రెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు మాత్రం మొదటి దశ బరువెక్కుతుంది. మీరు ఆ రోజు పలుకుతూనే నిర్ణయించుకుంటున్నారు. ప్రయాణం గురించి చెబుతుంటే పిల్లలు గుర్తొచ్చారు, పిల్లల గురించి చెబుతుంటే కొత్తవాళ్లు గుర్తొచ్చారు. ఏదీ ముగింపుగా అనిపించలేదు, ఎందుకంటే దేనికోసం మొదలుపెట్టారో తేలనేలేదు.

మీ స్నేహితురాలు నేర్పిన వరుస మంచిదే. ఇంగ్లిష్‌లో ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి 'ప్రెప్' అంటారు, ఉపన్యాస శిక్షణలో చాలాకాలంగా వాడుతున్నదే. అయితే అది వినేవాళ్లకు అనువైన వరుస. చెప్పేవాళ్లు సిద్ధమవడానికి అదే వరుసలో ఆలోచించబోతే చాలామంది మీలాగే మొదటి గడి దగ్గరే ఆగిపోతారు. "నా విషయం ఏమిటి?" అని తమను తాము అడుగుతారు. అది చాలా పెద్ద ప్రశ్న. ఇంటి నుంచి పని మంచిదా కాదా అంటే జ్ఞాపకం ఎక్కడ వెతకాలో తెలియక తడుముకుంటుంది, లేదా ఒకేసారి పది సమాధానాలు ముందుకు తోస్తుంది. మీకు జరిగింది రెండోది.

నా సలహా, సిద్ధమయ్యేటప్పుడు ఉదాహరణతో మొదలుపెట్టండి. ప్రశ్న వినగానే "దీన్ని నేను ఎక్కడ కళ్లారా చూశాను?" అని మిమ్మల్ని మీరు అడగండి. దానికి జ్ఞాపకం వెంటనే ఏదో ఒక ముఖాన్నో, ఒక రోజునో తెచ్చిస్తుంది. వచ్చిన మొదటిదాన్ని పట్టుకోండి, ఇంకా మంచిది కోసం చూడకండి. తర్వాత "ఇది ఏం చూపిస్తోంది?" అని అడగండి. ఆ జవాబే మీ విషయం. మూడోది, "అయితే ఏం చేయాలంటాను?" ఆ జవాబు మీ చివరి వాక్యం. కారణం గురించి ముందే ఆలోచించనక్కర్లేదు. సంఘటనకూ విషయానికీ మధ్య ఉన్న 'ఎందుకంటే' అదే, మాట్లాడుతుంటే వస్తుంది. ఇలా మీరు తలలో పెట్టుకోవాల్సింది మూడే మూడు: ఒక సంఘటన, ఒక విషయం, ఒక చివరి వాక్యం. ఇదంతా పదిపదిహేను సెకన్ల పని. నోరు విప్పాక మాత్రం విషయంతోనే మొదలుపెట్టాలి, ఎందుకంటే మీరెటు వెళ్తున్నారో వినేవాళ్లకు ముందే తెలియాలి.

మీకు వచ్చిన ప్రశ్ననే తీసుకుందాం. మీ ఉత్తరంలో 'కొత్తగా చేరినవాళ్లు' అన్న మాట ఉంది. దాని వెనక ఏదో ఒక సంఘటన ఉండే ఉంటుంది. అది నాకు తెలియదు కాబట్టి ఒకటి ఊహించి చెబుతాను. కొత్తగా వచ్చిన అమ్మాయి ఇంటి నుంచి రిపోర్టు చేస్తూ, ఎవరినీ అడగలేక పాత ఫైలు వాడింది అనుకుందాం. ఇది సంఘటన. ఇది ఏం చూపిస్తోంది? పని తెలిసినవాళ్లకు సరిపోయే పద్ధతి నేర్చుకునేవాళ్లకు సరిపోదని. అయితే ఏం చేయాలి? పద్ధతిని ఉంచి, కొత్తవాళ్లకు కొంతకాలం మినహాయింపు పెట్టాలి. ఇక పైకి చెప్పేది ఇలా ఉంటుంది:

"రెండు రోజులు ఇంటి నుంచి పని కొనసాగించాలనే నేను అంటాను. కాకపోతే కొత్తగా చేరినవాళ్లకు మొదటి మూడు నెలలు అది వద్దు. పని తెలిసినవాళ్లకు ఇంట్లో ఏకాగ్రత దొరుకుతుంది, అది మనందరం చూస్తున్నదే. పని నేర్చుకునేవాళ్లకు ముందు కావలసింది పక్కన అడగడానికి ఒక మనిషి. పెద్ద సందేహమైతే ఎవరైనా ఫోన్ చేస్తారు. చిన్న సందేహానికి ఫోన్ చేయాలంటే మొహమాటపడతారు. తప్పులు జరిగేది ఆ చిన్నవాటి దగ్గరే. ఈ మధ్య మా దగ్గర ఒక అమ్మాయి కొత్తగా చేరింది. నెలాఖరు రిపోర్టు చేసే రోజున ఆమె ఇంట్లో ఉంది, నేనూ ఇంట్లోనే ఉన్నాను. ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నాయి. ఏది సరిచేసినదో ఆమెకు తెలియలేదు. ఇంత చిన్నదానికి నన్ను కదిలించడం ఎందుకని, తనకు తోచిన ఫైలుతో రిపోర్టు పూర్తిచేసింది. అది పాతది. మర్నాడు అంకెలన్నీ మళ్లీ చూసుకోవడానికి మా ఇద్దరికీ సగం రోజు పట్టింది. అదే పక్క సీట్లో ఉంటే తల తిప్పి అడిగేది, అర నిమిషంలో తేలిపోయేది. అందుకని రెండు రోజుల పద్ధతి అలాగే ఉంచుదాం, కొత్తవాళ్లను మాత్రం మొదటి మూడు నెలలు ఆఫీసుకే రమ్మందాం."

నిదానంగా చదివి చూడండి, రెండు నిమిషాల లోపే అయిపోతుంది. ప్రయాణం గురించి, ఇంటర్నెట్ గురించి ఒక్క మాట లేదు. అయినా ఎవరూ 'ఇంతకీ ఏమంటారు' అని అడగరు. అవన్నీ చెప్పలేదని మీకు వెలితిగా ఉంటుంది. ఆ వెలితి వినేవాళ్లకు ఉండదు, ఎందుకంటే మీ తలలో ఇంకేం ఉందో వాళ్లకు తెలియదు. మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే మాట, కానీ చివరిదాంట్లో 'ఇలా చేద్దాం' అన్న పని ఉంది. మళ్లీ విషయం చెప్పడమంటే మొదటి వాక్యాన్ని మక్కికి మక్కి అప్పజెప్పడం కాదు. సంఘటన విన్నాక ఆ వాక్యానికి వచ్చిన బరువుతో చెప్పడం.

సమయం సంగతి. రెండు నిమిషాల్లో దాదాపు సగం ఉదాహరణకే ఇవ్వండి. విషయం చెప్పడానికి పది పదిహేను సెకన్లు చాలు, కారణానికి ముప్పై, చివరి మాటకు మళ్లీ పది పదిహేను. చాలామంది దీన్ని తిరగేస్తారు. కారణాలు నాలుగు చెబుతారు, ఉదాహరణ ఒక్క వాక్యంలో కానిచ్చేస్తారు. కారణాలు మీటింగ్‌లో అందరికీ తెలిసినవే అయి ఉంటాయి. మీరు మాత్రమే చెప్పగలిగింది మీరు చూసినదే. ఇంకో సంగతి, రెండు నిమిషాలు అంటే నింపి తీరాల్సిన కొలత కాదు. అనుకోకుండా మాట్లాడటాన్ని కూడా అభ్యాసం చేయించే టోస్ట్‌మాస్టర్స్ అనే ఉపన్యాస శిక్షణ సంస్థలో ఇలాంటి జవాబులకు మామూలుగా నిమిషానికి ఆకుపచ్చ, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు రంగు గుర్తు చూపిస్తారు. పోటీల్లో నిమిషం కన్నా తక్కువ మాట్లాడినా, రెండున్నర నిమిషాలు దాటినా లెక్కలోకి తీసుకోరు. నిమిషం దాటితే అది పూర్తి జవాబే అన్నమాట. నిమిషంన్నర దగ్గర చివరి వాక్యం వైపు తిరగడం అలవాటు చేసుకోండి.

ఇక ఆ పదిహేను సెకన్లు ఎక్కడి నుంచి వస్తాయి? పిలిచిన క్షణానికీ మాట్లాడే క్షణానికీ మధ్య మీరు అనుకునేదానికన్నా ఎక్కువ చోటుంది. లేచి నిలబడటం, కుర్చీ సర్దుకోవడం, అడిగినవాళ్ల వైపు తిరగడం, వీటికే నాలుగైదు సెకన్లు పోతాయి. హడావిడిగా చేస్తే పోగొట్టుకుంటారు, నిదానంగా చేస్తే అవి మీవే. ఆపైన నాలుగైదు సెకన్లు మౌనంగా ఉండండి. మీకది యుగంలా అనిపిస్తుంది, ఎదుటివాళ్లకు ఆలోచిస్తున్నట్టు కనిపిస్తుంది. కెన్నెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వశాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, మాట్లాడినవాళ్లు తమ టెన్షన్ బయటికి ఎంత కనిపించిందని అనుకున్నారో, వినేవాళ్లకు అంత కనిపించలేదని తేలింది. ఆ సంగతి ముందుగా చెప్పి మాట్లాడించినవాళ్లు మిగిలినవాళ్లకన్నా మెరుగ్గా మాట్లాడారు కూడా. కాబట్టి గుండె దడదడలాడుతున్నా ఆ మౌనాన్ని నమ్మవచ్చు.

ఇంకాస్త సమయం కావాలంటే ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పండి. ఇందులో రెండు రకాలున్నాయి. ఉన్నదున్నట్టు తిరిగి చెప్పడం ఒకటి, దానివల్ల సమయం తప్ప ఏమీ రాదు, ప్రతిసారీ చేస్తే అందరూ పసిగడతారు. ప్రశ్నను మీకు తెలిసిన మేరకు కుదించి చెప్పడం రెండోది. "ఈ పద్ధతి మొత్తం గురించి చెప్పలేను గానీ, కొత్తవాళ్లకు ఇది ఎలా ఉంటోందో దగ్గర నుంచి చూశాను, అది చెబుతాను" అనడం లాంటిది. ఇది నాకు ఇష్టమైన మార్గం. మీ పరిధి మీరే గీసుకున్నారు, ఆ గీత లోపల మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయితే 'అవునా, కాదా' అని సూటిగా అడిగినప్పుడు మాత్రం ఇలా కుదిస్తే జవాబు తప్పించుకున్నట్టు ఉంటుంది. అప్పుడు మొదటి వాక్యంలోనే అవునో కాదో చెప్పేసి, ఆ తర్వాత కుదించుకోవాలి.

అవునో కాదో మీకే తేలకపోతే? అది కూడా ఒక నిలకడైన జవాబే, కానీ దాన్ని షరతుగా మార్చి చెప్పాలి. "రెండు వైపులా మంచీ చెడూ ఉన్నాయి" అంటే వినేవాళ్లకు చేతికేమీ రాదు. "పని ఒక్కరే చేసేదైతే ఇంటి నుంచి బాగుంటుంది, ఇద్దరు ముగ్గురు కలిసి చేసేదైతే కష్టం" అంటే అది ఒక విషయం. ఉదాహరణ దానికీ ఒకటే సరిపోతుంది, ఆ తేడా ఎక్కడ కనిపించిందో చెబితే చాలు. ఇక అభిప్రాయం అడగకుండా "ఆ పని ఎంతవరకు వచ్చింది?" అని అడిగితే ఈ వరుస కుదరదు. అక్కడ మొదట ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఇక ఏం చేయబోతున్నారు అన్న మూడు మెట్లే నయం. ప్రశ్నలో 'ఏమంటారు' ఉందా, 'ఎక్కడిదాకా' ఉందా అన్నది వినడమే మొదటి పని.

ఇప్పుడు మీరు రాసిన ఒక మాట దగ్గరికి వస్తాను, మనసులో అనుకుంటే చక్కగా వస్తుందన్నారు. అది సహజం. మనసులోని మాట పొట్టిగా ఉంటుంది. 'కొత్తవాళ్లు, ఫైలు, సగం రోజు' అని మూడు ముక్కలు మెదిలితే మొత్తం చెప్పేసినట్టే అనిపిస్తుంది. వాటిని వాక్యాలు చేసే శ్రమ అక్కడ ఉండదు. నోటితో చెప్పినప్పుడు ప్రతి ముక్కకూ ఒక కర్త, ఒక క్రియ కావాలి. తెలుగులో ఈ కష్టం ఇంకాస్త ఎక్కువ. మన వాక్యంలో క్రియ చివర పడుతుంది. పైగా 'వచ్చి, చూసి, అడుగుదామనుకుని, మళ్లీ ఎందుకులే అనిపించి' అంటూ ఎంతదూరమైనా లాక్కెళ్లవచ్చు. ఏ క్రియతో ముగించాలో తెలియకుండా వాక్యం మొదలుపెడితే మధ్యలో దారి పోతుంది, మొదట ఎవరి గురించి మొదలుపెట్టారో మరిచిపోతారు. పైన రాసిన జవాబులో 'ఉంది', 'తెలియలేదు', 'పూర్తిచేసింది', 'పట్టింది' అని వాక్యాలు త్వరత్వరగా ముగియడం గమనించండి. అలా ముగిసిన ప్రతిచోటా ఊపిరి తీసుకోవచ్చు, తర్వాతి వాక్యం ఆలోచించుకోవచ్చు. 'అంటే', 'అదేంటంటే', 'ఆ...' లాంటివి కూడా ఎక్కువగా వాక్యం ముగియని చోటే దొర్లుతాయి. వాటిని అదిమిపెట్టాలని చూడకండి, అది ఇంకో బరువవుతుంది. వాక్యాలు పొట్టివి చేయండి, చాలావరకు అవే తగ్గుతాయి.

కాబట్టి అభ్యాసం గట్టిగా పలికే చేయాలి, వీలైతే నిలబడి. ప్రశ్నలు మీరు రాసుకోవద్దు, మీరు రాస్తే జవాబు అప్పుడే తయారైపోతుంది. ఇంట్లోవాళ్లతోనో ఆ స్నేహితురాలితోనో ఒక ఇరవై ప్రశ్నలు చీటీల మీద రాయించండి. సగం ఆఫీసువి, సగం ఏమైనా సరే. రోజూ ఒక చీటీ తీయండి. చదివి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, పదిహేను సెకన్లు ఆగి మాట్లాడండి. అయ్యాక వినండి, కానీ గొంతు గురించి కాదు. మూడే చూడండి. మొదటి రెండు వాక్యాల్లో విషయం వచ్చిందా? ఉదాహరణలో ఒక రోజు, ఒక మనిషి, ఒక పని కనిపించాయా? చివరి వాక్యం తర్వాత ఇంకేమైనా తోక మిగిలిందా? తర్వాత అదే ప్రశ్నకు వెంటనే మళ్లీ చెప్పండి. ఈ రెండోసారి చెప్పడమే అసలైన అభ్యాసం. మొదటిసారి ఎక్కడ తడబడ్డారో ఇంకా తాజాగా ఉంటుంది, అక్కడ వాక్యం దానంతట అదే సర్దుకుంటుంది. మూడోసారి చెబితే మాత్రం బట్టీ అయిపోతుంది, ఆ చీటీ పక్కన పెట్టేయండి.

వారానికి ఒకసారైనా ఎవరి ముందైనా చెప్పండి. 'ఎలా ఉంది?' అని అడగకండి, బాగుందంటారు. 'నేనేం చెప్పానో ఒక్క వాక్యంలో చెప్పు' అని అడగండి. వాళ్లు చెప్పేది మీ తలలోని విషయంతో కలిస్తే జవాబు చేరినట్టు. కలవకపోతే చాలావరకు కారణం రెండింటిలో ఒకటి. మాట్లాడుతూ మాట్లాడుతూ మీకే ఇంకా మంచి విషయం తట్టి, అటు మళ్లి ఉంటారు. తెలివైనవాళ్లకు ఇది ఎక్కువగా జరుగుతుంది. లేదా 'ఇంకొక ఉదాహరణ ఏంటంటే' అని రెండోది ఎత్తుకుని ఉంటారు. రెండో ఉదాహరణ మొదటిదాన్ని బలపరుస్తుందని అనుకుంటాం గానీ, రెండు నిమిషాల్లో రెండూ సగం సగమే మిగులుతాయి. మధ్యలో తట్టిన మంచి విషయాన్ని ఆ పూటకు వదిలేయడమే మేలు. మీటింగ్ అయ్యాక మెయిల్‌లో రాయవచ్చు.

మేనేజర్‌ని ప్రశ్న ముందే అడగాలా అన్నారు. అడగవచ్చు, తప్పు లేదు. అయితే ఎలా అడుగుతారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. "నాకు హఠాత్తుగా అడిగితే రాదు, నన్ను అడగకండి" అంటే ఆయన మర్యాదగా మానేస్తారు, మీ అభిప్రాయం లేకుండానే నిర్ణయాలు జరిగిపోతాయి, ఇంటర్వ్యూ ముందు అది మీకు మంచిది కాదు. "ఎజెండాలో ఏయే విషయాల మీద మాట్లాడించబోతున్నారో ముందురోజు అందరికీ పంపితే చర్చ ఇంకా బాగుంటుంది" అంటే అది టీమ్ కోసం అడిగినట్టు అవుతుంది, నిజంగానే టీమ్‌కూ మేలు. నష్టమల్లా ఒకటే, నోటీసు లేకుండా మాట్లాడే అవకాశం తగ్గుతుంది, ఇంటర్వ్యూలో ఆ నోటీసు ఉండదు. రెండు నెలలే ఉన్నాయి కాబట్టి, నేనైతే ఆ మీటింగ్‌ని అభ్యాసానికి వాడుకుని, ఎజెండా సంగతి తర్వాత అడుగుతాను. మీకు ఆ మీటింగ్ తలుచుకుంటేనే నిద్ర పట్టనంత ఇబ్బందిగా ఉంటే ముందే అడగండి, ఇంటి దగ్గర చీటీలతో సాధన కొనసాగించండి.

'తర్వాత చెబుతాను' అని తప్పుకోవడం అంకెలు, తేదీలు, ఇతరులకు ఇచ్చే మాట ఉన్న ప్రశ్నలకు సరైన జవాబు. తెలియని అంకెను ఊహించి చెప్పడం కన్నా "సాయంత్రంలోగా చూసి పంపుతాను" అనడం నయం, పంపితే నమ్మకం పెరుగుతుంది. అభిప్రాయం అడిగినప్పుడు అదే మాట అంటే మాత్రం లేనట్టే లెక్క. అక్కడ ఇంకో దారి ఉంది. ఉదాహరణ ఏదీ తట్టకపోతే రెండు నిమిషాలు వాడకండి. విషయం, కారణం, చెరొక వాక్యం చెప్పి కూర్చోండి. అర నిమిషం స్పష్టమైన జవాబు చెప్పినవాళ్లను ఎవరూ తప్పుపట్టరు. రోజూ అలాగే చేస్తే మాత్రం పొడిపొడిగా తేల్చేస్తారన్న పేరు రావచ్చు.

ఇంటర్వ్యూకి ఒక ప్రత్యేకమైన సిద్ధపాటు చెబుతాను. జవాబులు తయారుచేసుకోకండి, సంఘటనలు తయారుగా ఉంచుకోండి. మీ పనిలో నుంచి ఒక ఆరేడు చాలు. తప్పు జరిగి సరిదిద్దిన రోజు, ఎవరితోనో విభేదించిన సందర్భం, గడువు దాటబోయిన పని, ఎవరికో నేర్పిన పని, మీ మాట నెగ్గని సందర్భం, ఇలాంటివి. ఒక్కోదానికి ఒక్క వాక్యం రాసుకోండి, అంతకన్నా రాస్తే బట్టీ అవుతుంది. ఫైలు సంఘటననే చూడండి. కొత్తవాళ్లకు ఎలా నేర్పుతారని అడిగినా, పొరపాటు జరిగితే ఏం చేస్తారని అడిగినా, పనిలో ఏం మారుస్తారని అడిగినా పనికొస్తుంది. సంఘటన అదే, అది చూపించే విషయం మారుతుంది. ఒక ప్రమాదం ఉంది. సిద్ధంగా ఉన్న సంఘటన మీద ఇష్టంతో, అడిగిన ప్రశ్నకు అతకకపోయినా దాన్నే తెచ్చిపెడతాం. అతుకుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. మీ మొదటి వాక్యంలో ప్రశ్నలోని ముఖ్యమైన మాట ఒకటి సహజంగా ఇమిడిందంటే అతికినట్టే. ఇమడకపోతే ఇంకోటి వెతకండి.

ఇంటర్వ్యూ చేసేవాళ్లు మధ్యలో ఆపి ఇంకో ప్రశ్న వేయవచ్చు, చెయ్యెత్తి 'చాలు' అనవచ్చు. అప్పుడు ఉదాహరణ పూర్తిచేసే ప్రయత్నం చేయకండి. "ఒక్క మాటతో ముగిస్తాను" అని నేరుగా మీ చివరి వాక్యానికి వెళ్లండి. ముందే నిర్ణయించుకున్నది కాబట్టి అది ఎక్కడి నుంచైనా అందుతుంది.